పంచాంగం చూసి ఉపవాసం రోజు తేల్చడం: అమ్మమ్మ మనవడికి నేర్పాల్సిన క్రమం

"ఏకాదశి ఇవాళా, రేపా?" ఈ ప్రశ్న చెన్నైలోని తెలుగు ఇళ్లలో నెలకు రెండుసార్లయినా వినిపిస్తుంది. ఊరి నుంచి తెప్పించుకున్న తెలుగు పంచాంగం ఒక రోజు చెబుతుంది, గోడ మీది తమిళ డైలీ క్యాలెండర్ ఇంకో రోజు చెబుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మకి జవాబు తెలుసు. ఆ జవాబు ఎలా వచ్చిందో పక్కన కూర్చున్న మనవడికి తెలియదు.

పంచాంగంలో వరుస చదవడం, తిథి మొదలూ చివరా తేల్చడం, ఏ వ్రతానికి ఏ వేళ చూడాలో నిర్ణయించడం, ఉపవాసం ఎప్పుడు విడవాలో లెక్కకట్టడం ఈ మార్గదర్శిలో ఉన్నాయి. పదేళ్లు దాటి, గడియారం చూడడం, కూడికలు, భాగహారాలు వచ్చిన పిల్లలకు సరిపోతుంది. ముహూర్తాలు, జాతకాల జోలికి వెళ్లడం లేదు.

## 1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఈ సంవత్సరపు తెలుగు పంచాంగం, ఒక్కటే
- పొడవాటి రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, స్కేలు
- ఇంగ్లీషు తేదీల క్యాలెండర్
- చెన్నై సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలు (ఇక్కడి డైలీ క్యాలెండర్‌లోనో, దినపత్రికలోనో చూసుకోవచ్చు)
- అమ్మమ్మ కళ్లజోడు

"ఒక్కటే" అన్నది గట్టిగా పాటించాలి. ఇంట్లో రెండు పంచాంగాలుంటే ఒకటి బీరువాలో పెట్టేయండి. ఎందుకో ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది.

పంచాంగం ఏ ఊరి సూర్యోదయానికి గణించారో మొదటి పేజీల్లో ఉంటుంది. ఆ ఊరి పేరు నోటుపుస్తకం అట్ట మీద రాయించండి. విజయవాడ సూర్యోదయానికీ చెన్నై సూర్యోదయానికీ ఏ కాలంలోనూ పది నిమిషాలకు మించి తేడా రాదు. హైదరాబాదుతో పోలిస్తే జూన్‌లో దాదాపు ఒకటే, డిసెంబరులో మాత్రం మన సూర్యుడు పావుగంట ముందే వస్తాడు.

చెన్నైలో పెరిగిన పిల్లలకు తరచూ తెలుగు మాట్లాడడం వస్తుంది, చదవడం రాదు. అందుకని పంచాంగం తెరవక ముందే ఒక కాగితం మీద తిథుల పేర్లు పదహారూ వరుసగా రాసి ఇవ్వండి: పాడ్యమి, విదియ, తదియ, చవితి, పంచమి, షష్ఠి, సప్తమి, అష్టమి, నవమి, దశమి, ఏకాదశి, ద్వాదశి, త్రయోదశి, చతుర్దశి, చివర పౌర్ణమి లేదా అమావాస్య. దాని కిందే వేళల పొట్టి అక్షరాలు ఐదు: ఉ. (ఉదయం), ప. (పగలు), సా. (సాయంత్రం), రా. (రాత్రి), తె. (తెల్లవారుజాము). మొదటి నెలకు ఈ కాగితం చాలు. పొట్టి అక్షరాలు పంచాంగాన్ని బట్టి కాస్త మారతాయి కాబట్టి మీ పుస్తకం ముందు పేజీల్లోని పట్టికతో ఒకసారి సరిచూసుకోండి.

## 2. ఒక్క వరుస చదవడం

నెలకు రెండు భాగాలు: శుక్ల పక్షం, బహుళ పక్షం. ప్రతి రోజుకూ ఒక వరుస. అందులో తేదీ, వారం, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం వగైరా ఉంటాయి. పిల్లలకు మొదట మూడు గళ్లే చూపించండి: తేదీ, వారం, తిథి. మిగతా గళ్లను స్కేలుతోనో మడిచిన కాగితంతోనో కప్పేయండి. అన్నీ ఒకేసారి చూపిస్తే పిల్లవాడు వర్జ్యం సమయాన్ని తిథి సమయం అనుకుని చదువుతాడు.

తిథి పక్కన ఉన్న సమయం ఆ తిథి ముగిసే సమయం. "త్రయోదశి ఉ.11.08" అంటే త్రయోదశి పొద్దున 11 గంటల 8 నిమిషాల వరకు ఉంటుందని. పెద్దవాళ్లు కూడా దీన్ని "11.08కి మొదలవుతుంది" అని చదవడం కద్దు. పిల్లవాడు ప్రతిసారీ "వరకు" అనే మాట పైకి అని చదవాలని నియమం పెట్టండి. వారం రోజుల్లో నోటికి అలవాటవుతుంది.

మరి మొదలు ఎక్కడ? పుస్తకం అది విడిగా ఇవ్వదు. పై వరుసలో ముగిసిన తిథి సమయమే కింది తిథి మొదలు. అందుకే ఏ ఒక్క వరుసనూ ఒంటరిగా చదవకూడదు. పైదీ కిందిదీ కలిపి చూడాలి.

తిథి నిడివి ఇరవైనాలుగు గంటలు కాదు. సూర్యచంద్రుల మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరగడానికి పట్టే కాలమే తిథి. చంద్రుడి నడక ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తిథి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా ఉండవచ్చు. రోజుకో తిథి చొప్పున అతికినట్టు సరిపోకపోవడానికి కారణం ఇదే. ఒక్కో తిథి రెండు సూర్యోదయాలను తాకుతుంది, ఒక్కోటి ఏ సూర్యోదయాన్నీ తాకకుండానే వెళ్లిపోతుంది.

## 3. "తె." అని ఉంటే మరుసటి తేదీ

పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మరుసటి సూర్యోదయంతో ముగుస్తుంది. సెల్‌ఫోన్‌లో రోజు అర్ధరాత్రి మారుతుంది. 30వ తేదీ వరుసలో "తె.5.00" అని ఉంటే అది 31వ తేదీ తెల్లవారుజాము 5 గంటలు. "రా.1.47" అని ఉన్నా అంతే, అర్ధరాత్రి దాటింది కాబట్టి మరుసటి తేదీ.

దీనికి నోటుపుస్తకంలో ఒక అలవాటు చేయించండి. సమయం ఎత్తి రాసేటప్పుడు "తె.", అర్ధరాత్రి దాటిన "రా." ఉన్న ప్రతిచోటా పక్కనే అసలు ఇంగ్లీషు తేదీని పెన్సిలుతో వేయాలి. చదివేటప్పుడు గుర్తు పెట్టుకుందాం అనుకుంటే కుదరదు, రాసేటప్పుడే వేసేయాలి. ఈ ఒక్క తప్పుతో పూర్తిగా ఒక రోజు తేడా వస్తుంది.

## 4. ఏ వ్రతానికి ఏ వేళ చూడాలి

మనవలకు ఎక్కువమంది సరిగా చెప్పని సంగతి ఇది. "సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు ఆ తిథి" అన్నది సంకల్పం చెప్పుకోవడానికి పనికొస్తుంది. వ్రతానికి అన్నిసార్లూ పనికిరాదు. ప్రతి వ్రతానికీ ఒక పూజా వేళ ఉంది. ఆ వేళకు ఆ తిథి ఉండాలి.

ఈ పట్టికను నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించండి:

- ఉగాది: చైత్ర శుద్ధ పాడ్యమి, సూర్యోదయం
- ఏకాదశి: సూర్యోదయం
- శ్రీరామనవమి, వినాయక చవితి: మధ్యాహ్నం
- ప్రదోషం: త్రయోదశి, సూర్యాస్తమయం తర్వాత సుమారు రెండున్నర గంటలు
- దీపావళి లక్ష్మీపూజ: అమావాస్య, అదే ప్రదోష వేళ
- సంకటహర చవితి: బహుళ చవితి, చంద్రోదయం
- మహాశివరాత్రి, మాస శివరాత్రి: బహుళ చతుర్దశి, అర్ధరాత్రి
- కృష్ణాష్టమి (స్మార్తులకు): అష్టమి, అర్ధరాత్రి

వరలక్ష్మీ వ్రతాన్ని ఈ పట్టికలో చేర్చకండి. అది శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. అక్కడ వారం చూస్తాం, తిథి కోసం ఈ లెక్క అక్కర్లేదు.

"మధ్యాహ్నం" అంటే పన్నెండు గంటలని కాదు. పగటిని ఐదు సమభాగాలు చేస్తే మూడో భాగం. 2025 ఆగస్టు 27న చెన్నైలో పగలు సుమారు 12 గంటల 24 నిమిషాలు. ఒక్కో భాగం దాదాపు 2 గంటల 29 నిమిషాలు, కాబట్టి మధ్యాహ్నం సుమారు 10.55 నుంచి 1.23 వరకు. ఆ ఏడు చవితి 26 మధ్యాహ్నం 1.54కు మొదలై 27 మధ్యాహ్నం 3.44 వరకు ఉంది. 26న మధ్యాహ్న భాగం దాటాక గానీ చవితి రాలేదు. అందుకే వినాయక చవితి 27న.

"అర్ధరాత్రి" కూడా గడియారం పన్నెండు కాదు. సూర్యాస్తమయం నుంచి మరుసటి సూర్యోదయానికి సరిగ్గా నడిమధ్య చూసి, దానికి అటొక ఘడియ, ఇటొక ఘడియ తీసుకోవాలి. ఘడియ అంటే 24 నిమిషాలు.

## 5. చేసి చూపాల్సిన మొదటి లెక్క: 2025 మహాశివరాత్రి

పాత సంవత్సరం లెక్కతో నేర్పడం మేలు, జవాబు అందరికీ తెలుసు కాబట్టి పిల్లవాడు తన లెక్కను తానే సరిచూసుకోగలడు. 2025 శివరాత్రి ఇందుకు చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే వరుసను మాత్రమే చూసినవాళ్లు తప్పకుండా తప్పుతారు.

దృగ్గణిత పంచాంగాల ప్రకారం ఆ రెండు వరుసలు ఇలా ఉంటాయి (పుస్తకాన్ని బట్టి ఒకటి రెండు నిమిషాలు మారవచ్చు):

- ఫిబ్రవరి 26, బుధవారం: త్రయోదశి ఉ.11.08
- ఫిబ్రవరి 27, గురువారం: చతుర్దశి ఉ.8.54

మనవడు సాధారణంగా అడిగే ప్రశ్న: "అమ్మమ్మా, చతుర్దశి అని గురువారం వరుసలో ఉంది కదా, బుధవారం ఉపవాసం ఏంటి?"

జవాబు ఒక్క మాటలో చెప్పండి: "పేరులోనే రాత్రి ఉంది కదరా. ఏ రాత్రి చతుర్దశి ఉందో చూడు."

ఇప్పుడు నోటుపుస్తకంలో ఈ క్రమంలో రాయించండి.

మొదటి పని. చతుర్దశి మొదలు: 26 పొద్దున 11.08. చివర: 27 పొద్దున 8.54.

రెండో పని. 26న చెన్నైలో సూర్యాస్తమయం సుమారు 6.17. 27న సూర్యోదయం సుమారు 6.26. రాత్రి నిడివి 12 గంటల 9 నిమిషాలు.

మూడో పని. అందులో సగం 6 గంటల 4 నిమిషాలు. 6.17కి కలిపితే అర్ధరాత్రి 12.21. అటూ ఇటూ 24 నిమిషాలు తీసుకుంటే 11.57 నుంచి 12.45 వరకు.

నాలుగో పని. ఆ వేళకు బుధవారం రాత్రి చతుర్దశి ఉందా? ఉంది. గురువారం రాత్రి? లేదు, పొద్దున 8.54కే అయిపోయి అమావాస్య వచ్చేసింది.

కాబట్టి శివరాత్రి బుధవారం, 26. పిల్లలకు ఒక అడ్డగీత గీసి చూపిస్తే ఇంకా త్వరగా పట్టుబడుతుంది. గీత మీద 26 సూర్యోదయం, సూర్యాస్తమయం, అర్ధరాత్రి, 27 సూర్యోదయం, సూర్యాస్తమయం, అర్ధరాత్రి గుర్తులు పెట్టి, చతుర్దశి ఉన్నంత మేరా రంగు పెన్సిలుతో నింపాలి. రెండు అర్ధరాత్రుల్లో రంగు ఏ గుర్తు మీద పడిందో కంటికే కనిపిస్తుంది. నా మట్టుకు మాటలతో చెప్పే పది నిమిషాల కంటే ఈ రంగు గీతే ఎక్కువ నేర్పుతుంది.

## 6. రెండో లెక్క: సంకటహర చవితి

ఇదీ అలాంటిదే, కాకపోతే చూడాల్సింది చంద్రోదయం. 2025 ఆగస్టులో వరుసలు ఇలా వచ్చాయి:

- ఆగస్టు 12, మంగళవారం: తదియ ఉ.8.40
- ఆగస్టు 13, బుధవారం: చవితి ఉ.6.35

బుధవారం చెన్నైలో సూర్యోదయం 5.57 ప్రాంతంలో. అంటే ఆ రోజు సూర్యోదయానికి చవితి ఉంది, వరుసలోనూ చవితి అనే ఉంది. అయినా వ్రతం మంగళవారమే. ఆ రాత్రి తొమ్మిది ప్రాంతంలో చంద్రుడు ఉదయించేటప్పుడు ఉన్నది చవితి. బుధవారం రాత్రి చంద్రుడు వచ్చేసరికి పంచమి నడుస్తోంది. మంగళవారం పడింది కాబట్టి దాన్ని అంగారక చతుర్థి అని విశేషంగా చేస్తారు.

బహుళ చవితినాడు చంద్రుడు సూర్యాస్తమయమైన చాలాసేపటికి వస్తాడు. చెన్నైలో ఎత్తయిన అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకో అరగంట దాకా కనిపించకపోవచ్చు. మబ్బు పట్టినా కనిపించడు. చంద్రోదయ సమయం ముందే రాసి పెట్టుకుంటే మిద్దె మీద ఎదురుచూస్తూ పెద్దావిడ నీరసపడే పని ఉండదు. ఆ సమయం దాటాక తూర్పుదిక్కుగా అర్ఘ్యం ఇచ్చి భోజనం చేస్తారు.

## 7. ఏకాదశి: ఉపవాసం ఎంత ముఖ్యమో పారణ అంత ముఖ్యం

ఏకాదశి రోజు తేల్చడం తేలిక. తప్పులన్నీ మర్నాడు, ఉపవాసం విడిచే వేళ దగ్గరే జరుగుతాయి. నియమం రెండు ముక్కల్లో:

- పారణ ద్వాదశి ఉండగానే, సూర్యోదయం అయ్యాక చేయాలి.
- ద్వాదశి మొత్తంలో మొదటి పావు భాగాన్ని హరివాసరం అంటారు. అది గడిచేదాకా పారణ చేయకూడదు.

2025 జనవరి ముక్కోటి ఏకాదశి తీసుకోండి. ఏకాదశి 9వ తేదీ పగలు 12.22 నుంచి 10వ తేదీ పొద్దున 10.19 వరకు. 10న సూర్యోదయానికి ఏకాదశి ఉంది, ఉపవాసం 10, శుక్రవారం. ద్వాదశి 10 పొద్దున 10.19 నుంచి 11 పొద్దున 8.21 వరకు, అంటే 22 గంటల 2 నిమిషాలు. పావు భాగం ఐదున్నర గంటలు. హరివాసరం 10వ తేదీ సాయంత్రం 3.50కే అయిపోయింది. కాబట్టి 11న చెన్నై సూర్యోదయం 6.33 నుంచి 8.21 లోపు పారణ. గంటా నలభై ఎనిమిది నిమిషాలే. పొద్దున తీరిగ్గా లేచి తొమ్మిదింటికి వంట మొదలుపెడితే ద్వాదశి దాటిపోతుంది. ఇలాంటి రోజుకు ముందు రాత్రే కూరలు తరిగి, బియ్యం కొలిచి పెట్టుకోవాలి.

ఇప్పుడు అదే ఏడాది డిసెంబరు ముక్కోటి. ముక్కోటి ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి. ధనుర్మాసం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి 2025 ఇంగ్లీషు సంవత్సరంలో జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి వచ్చాయి. డిసెంబరు వరుసలు:

- డిసెంబరు 30, మంగళవారం: దశమి ఉ.7.50, ఏకాదశి తె.5.00
- డిసెంబరు 31, బుధవారం: ద్వాదశి రా.1.47

ఒకే వరుసలో రెండు తిథులు కనిపించగానే మనవణ్ణి ఆపి అడగండి: "ఏకాదశి ఏ సూర్యోదయాన్ని తాకింది?" 30న సూర్యోదయం 6.29 ప్రాంతంలో, అప్పటికి దశమి. 31న సూర్యోదయానికి ముందే, తెల్లవారుజాము 5 గంటలకు, ఏకాదశి అయిపోయింది. ఏ సూర్యోదయాన్నీ తాకలేదు. దీన్ని క్షయతిథి అంటారు. స్మార్త గృహస్థులు ఏకాదశి నడిచిన 30వ తేదీనే ఉపవాసం ఉంటారు. సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియల్లో, అంటే 96 నిమిషాల్లో, దశమి తగలకూడదని పాటించే వైష్ణవ గృహాల్లో 31 అవుతుంది. మీ ఇంటి ఆచారం ఏదో అమ్మమ్మ నోటుపుస్తకంలో ఒకసారి రాసి పెట్టాలి. ఆవిడ తర్వాత అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండకపోవచ్చు. గుడిలో ఉత్తరద్వారం తెరిచే రోజు ఆలయం ప్రకటించేదాన్ని బట్టి, దానికి ఈ లెక్క వేయకండి.

30న ఉపవాసం ఉన్నవాళ్లకు పారణ ఎప్పుడు? ద్వాదశి 31 తెల్లవారుజాము 5.00 నుంచి జనవరి 1 రాత్రి 1.47 వరకు, మొత్తం 20 గంటల 47 నిమిషాలు. పావు భాగం 5 గంటల 12 నిమిషాలు. 5.00కి కలిపితే 10.12. ఈసారి పొద్దున్నే తినకూడదు, 10.12 దాటాలి. జనవరిలో తొందరపడాల్సి వచ్చింది, డిసెంబరులో ఆగాల్సి వచ్చింది. పారణ వేళను ప్రతి ఏకాదశికీ కొత్తగా లెక్కవేయాలని చెప్పడానికే రెండూ ఇచ్చాను.

మధుమేహం మందులు వేసుకునే పెద్దలకు ఈ సమయం ఇంకా ముఖ్యం. పారణ ఎన్నింటికో ముందు రోజే రాసుకుని, మందు ఎప్పుడు వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చో లేదో డాక్టరును అడిగి ఉంచుకోండి. పాలూ పండ్లతో ఉండే ఆచారం పెద్దలకు, పిల్లలకు ఎప్పుడూ ఉంది.

## 8. గోడ మీది తమిళ క్యాలెండర్‌తో ఎందుకు కలవదు

చెన్నైలో పిల్లలు దీని దగ్గరే ఎక్కువ తికమక పడతారు. కారణాలు రెండు, రెంటినీ వేరువేరుగా చెప్పాలి.

మొదటిది నెలలు. మన నెల అమావాస్య మర్నాడు మొదలవుతుంది, తమిళ నెల సూర్యుడు రాశి మారినప్పుడు. 2025లో మన కార్తికం అక్టోబరు 22న మొదలైంది, తమిళుల కార్తిగై నవంబరు మధ్యలో. మన కార్తిక పౌర్ణమి నవంబరు 5న అయితే తిరువణ్ణామలై కార్తిగై దీపం డిసెంబరు 3న. ఎదురింటివాళ్లు దీపాలు పెడుతుంటే మనది తప్పిపోయిందని కంగారుపడక్కర్లేదు. అవి రెండు వేరు పండుగలు.

రెండోది గణితం. తమిళనాట వాక్య పంచాంగం, తిరుక్కణిత పంచాంగం అని రెండు పద్ధతులున్నాయి. తెలుగులోనూ పూర్వపద్ధతి, దృగ్గణితం అని రెండు. ఈ పద్ధతుల మధ్య ఒకే తిథి ముగిసే సమయం కొన్ని గంటలు తేడా రావచ్చు. మీ క్యాలెండర్ ఏ పద్ధతిదో సాధారణంగా దాని మీదే రాసి ఉంటుంది.

ఇక్కడే అసలు ప్రమాదం. తిథి మొదలు ఒక పుస్తకంలోంచి, చివర ఇంకో దాంట్లోంచి తీసుకుంటే ఏ పద్ధతికీ చెందని జవాబు వస్తుంది. డైలీ క్యాలెండర్ నుంచి సూర్యోదయం, సూర్యాస్తమయం, చంద్రోదయం తీసుకోండి. తిథి మాత్రం మీ పంచాంగం నుంచే.

## 9. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

తిథి సమయానికి ఊరి తేడా కలపడం. "మనం చెన్నైలో ఉన్నాం కదా" అని తిథి ముగింపుకు పది నిమిషాలు కలిపేవాళ్లున్నారు. తిథి దేశమంతటా ఒకే క్షణంలో ముగుస్తుంది. గంటల్లో అచ్చయి ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. ఊరిని బట్టి మారేవి సూర్యోదయం, సూర్యాస్తమయం, చంద్రోదయం.

ఘడియల పంచాంగానికి చెన్నై సూర్యోదయం వాడడం. కొన్ని పుస్తకాల్లో తిథి "12 ఘ. 30 వి." అని ఉంటుంది. 12 ఘడియలు 288 నిమిషాలు, 30 విఘడియలు 12 నిమిషాలు, మొత్తం 300 నిమిషాలు, అంటే 5 గంటలు. దీన్ని పుస్తకం ఏ ఊరిదో ఆ ఊరి సూర్యోదయానికి కలపాలి. అక్కడ 6.00 అయితే 11.00. నోటుపుస్తకం అట్ట మీద ఊరి పేరు రాయమన్నది ఇందుకే.

అధికమాసంలో పండుగ రాసేయడం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఏరువాక పౌర్ణమి లాంటి సంవత్సరానికి ఒకసారి వచ్చేవి నిజ జ్యేష్ఠంలో చేస్తారు. ఏకాదశి, సంకటహర చవితి లాంటి నెలనెలా వచ్చేవి అధికంలోనూ ఉంటాయి. ఆ నెల పేజీ అంచుకు ఎర్ర పెన్సిలు గీత గీస్తే పొరపాటు జరగదు.

తిథి రెండు రోజులూ ఆ వేళకు ఉండడం, లేదా ఒక్కరోజూ లేకపోవడం. ఇక్కడ ఒక్కో వ్రతానికి ఒక్కో అదనపు నియమం ఉంది. పిల్లలతో ఊహించించకండి. వరుస చివర "విశేషాలు" గడిలో పంచాంగకర్త నిర్ణయించి ఇస్తారు, దాన్నే తీసుకుని పక్కన చుక్క పెట్టించండి. వీలైనప్పుడు గుడి అయ్యవారిని అడగవచ్చు.

## 10. నెలకొకసారి కూర్చునే పద్ధతి

అమావాస్య రోజు సాయంత్రం అరగంట చాలు. రాబోయే నెలకు:

- ఒక్కో వ్రతానికి ఒక వరుస: వ్రతం, తిథి మొదలు, చివర, చూడాల్సిన వేళ, తేలిన రోజు, ఉపవాసం విడిచే సమయం
- మనవడు తన లెక్క రాసేదాకా "విశేషాలు" గడి కప్పి ఉంచాలి, ఆ తర్వాత తెరిచి సరిచూడాలి
- తేడా వస్తే ముందు "తె." తేదీ చూడాలి, తర్వాత పై వరుస, ఆ తర్వాత వేళ
- తేలిన రోజులను ఇంగ్లీషు క్యాలెండర్ మీదికి ఎక్కించాలి, పారణ సమయాన్ని వంటింటి గోడకు అంటించాలి

మొదటి మూడు నెలలు అమ్మమ్మ చెబుతుంటే మనవడు రాయాలి. ఆ తర్వాత మనవడు చెబుతుంటే అమ్మమ్మ వినాలి. తప్పు చదివినప్పుడు వెంటనే దిద్దకుండా "పై వరుస చూశావా?" అని మాత్రం అడగండి.

ఉగాదికి కొత్త పుస్తకం రాగానే పాతది పాత కాగితాలవాడికి వేసేయకండి, ఇంకో నెల ఉంచండి. కొత్త పుస్తకం మొదటి వరుసకు "పై వరుస" పాత పుస్తకం చివరి పేజీలోనే ఉంటుంది. 2026 ఉగాది అందుకు మంచి ఉదాహరణ. మార్చి 19 పొద్దున 6.52 వరకు ఫాల్గుణ అమావాస్య, చెన్నైలో సూర్యోదయం 6.13 ప్రాంతంలో. పాడ్యమి 20 తెల్లవారుజాము 4.52కే అయిపోయింది. అంటే ఇదీ క్షయతిథే, సూర్యోదయానికి పాడ్యమి ఏ రోజూ లేదు, పాడ్యమి నడిచిన 19నే ఉగాది. రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి ఈ లెక్కను మనవడి చేత చేయించండి.